తూములో నీళ్లు ఎండితే

మా పిన్నీ బాబాయీ అమెరికాలో కూతురి దగ్గర ఆరు నెలలుండి ఏప్రిల్‌లో కూకట్‌పల్లిలోని తమ ఫ్లాటుకి తిరిగొచ్చారు. తాళం తీసి లోపలికి అడుగుపెట్టగానే కుళ్లిన కోడిగుడ్డు వాసన గుప్పుమంది. ఎలుక చచ్చిందేమోనని ఫ్రిజ్ జరిపారు, అటకలు వెతికారు. కిటికీలన్నీ తెరిచి అగరొత్తులు వెలిగించారు. కాసేపు తగ్గినట్టే తగ్గి, రాత్రి బాత్రూం ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయగానే మళ్లీ వచ్చింది. మర్నాడు నాకు ఫోన్ చేసి పిన్ని ఆ చివరి మాట చెప్పింది కాబట్టి సరిపోయింది. ఫ్యాన్ వేస్తే వాసన పెరిగిందంటే అది ఇంట్లో పుట్టింది కాదు, డ్రైనేజీ పైపులోంచి లోపలికి వస్తోంది.

"పిన్నీ, ముందు ప్రతి బాత్రూం జాలీలోనూ అర బకెట్ నీళ్లు పోయండి. వాష్ బేసిన్లలో ఒక్కో మగ్గు, కమోడ్‌లో ఒకసారి ఫ్లష్. యుటిలిటీలో బట్టల మెషీన్ పక్కన జాలీ ఉంటుంది, దాన్ని మర్చిపోకండి" అన్నాను. "నీళ్లు పోస్తే వాసన పోతుందా?" అని పిన్ని నమ్మలేదు. సాయంత్రానికి చాలావరకు పోయింది. ఎందుకు పోయిందో, మిగిలిన కాస్తా ఎందుకు పోలేదో తెలియాలంటే జాలీ కింద ఏముందో చూడాలి.

పాత ఇళ్లలో స్నానాల గదికి గోడ వారన ఒక తూము ఉండేది. నీళ్లు దాంట్లోంచి పెరట్లోకో వీధి కాలువలోకో పోయేవి. అది బయటి గాలికి తెరిచే ఉండేది కనుక వాయువులు పోగుపడేవి కావు. అపార్టుమెంటులో సంగతి వేరు. పై అంతస్తు నుంచి కింది ఛాంబర్ దాకా నిలువు పైపులు, వాటికి ప్రతి ఇంటి నుంచీ కలిసే అడ్డ పైపులు. లోపల మలినం కుళ్లుతూ హైడ్రోజన్ సల్ఫైడ్, మీథేన్, అమోనియా పుడుతూనే ఉంటాయి. ఆ పైపు మీ బాత్రూం నేలలో తెరుచుకుంటుంది. అయినా రోజూ వాసన రాదు. ఎందుకంటే మధ్యలో ఒక నీటి గోడ ఉంది.

ఆ గోడ ఉండే పాత్రనే నహానీ ట్రాప్ అంటారు. ప్లంబర్ల నోట నానీ ట్రాప్, కొందరు ఫ్లోర్ ట్రాప్ అంటారు. లోపల పైపు కిందికి దిగి, మళ్లీ పైకి లేచి, ఆ తర్వాత బయటి పైపులో కలుస్తుంది. మనం పోసిన నీళ్లన్నీ వెళ్లిపోవు. పైకి లేచే వంపు అంచు దాకా కొన్ని నీళ్లు ఆ గుంటలో ఆగిపోతాయి. గాలి వెళ్లే దారి ఆ నీళ్ల కిందుగా ఉంది. కాబట్టి నీళ్లున్నంత కాలం పైపులోని వాయువు ఇటు రాలేదు. ఈ వంపు ఆలోచన పాతదే. 1775లో లండన్‌లో అలెగ్జాండర్ కమింగ్ అనే గడియారాల తయారీదారు మరుగుదొడ్డికి ఎస్ ఆకారపు వంపు పెట్టి పేటెంటు తీసుకున్నాడు. ఇప్పటికీ దీనికన్నా చవకైన అడ్డు లేదు. మూత అరుగుతుంది, స్ప్రింగు తుప్పు పడుతుంది. నీటికి ఆ బాధ లేదు. ఎండిపోవడం ఒక్కటే దాని లోపం.

అడ్డుగా పనిచేసే నీటి లోతు మామూలుగా 50 మిల్లీమీటర్లు, అంటే సుమారు రెండంగుళాలు. ఎండాకాలంలో మూసి ఉన్న ఇంట్లో రోజుకు రెండు మిల్లీమీటర్లు ఆవిరైనా 25 రోజుల్లో అది అయిపోతుంది. ఒక మిల్లీమీటరే అనుకున్నా రెండు నెలలు దాటదు. పిన్ని వాళ్ల ఇల్లు ఆరు నెలలు మూసి ఉంది. జాలీలే కాదు, కమోడ్‌లో నిలిచిన నీళ్లు కూడా బాగా తగ్గాయి.

ఊరెళ్లని వాళ్ల ఇళ్లలోనూ ఇది జరుగుతుంది. ఇప్పుడు బాత్రూంలో షవర్ చుట్టూ గాజు అడ్డం పెట్టి మిగతా నేలను పొడిగా ఉంచుకుంటున్నాం. కడగడం మానేసి తడిగుడ్డతో తుడుస్తున్నాం. శుభ్రంగా ఉంటుంది, కాలు జారదు, మంచిదే. కానీ కమోడ్ పక్కనున్న రెండో జాలీలోకి వారాల తరబడి చుక్క నీరు పడదు. అలవాటు మారింది, ట్రాప్ మాత్రం వెనకటి అలవాటు మీదే ఆధారపడి ఉంది.

ఈ సంగతి ఎంత దూరం పోగలదో హాంకాంగ్‌లో తెలిసింది. 2003 మార్చిలో అమోయ్ గార్డెన్స్ అనే ఎత్తైన భవనాల సముదాయంలో సార్స్ జబ్బు ఒక్కసారిగా పాకింది. ఏప్రిల్ 15 నాటికి అక్కడ 321 మందికి సోకింది, అందరికన్నా ఎక్కువగా ఈ బ్లాక్ అనే భవనంలో. దర్యాప్తు చేసిన ఆరోగ్య శాఖ చూపించిన ప్రధాన కారణాల్లో ఎండిన ఫ్లోర్ ట్రాపులు ఒకటి. అక్కడి జనం కూడా బాత్రూం నేల కడగకుండా తుడుచుకునేవారు. తలుపు మూసి ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసినప్పుడు, ఫ్యాన్ లాగే గాలికి బదులు గాలి ఎండిన ట్రాపులోంచి, అంటే మురుగు పైపులోంచి, గదిలోకి వచ్చింది. దానితో పాటు క్రిములూ వచ్చాయి. మా పిన్ని ఇంట్లో ఫ్యాన్ చేసిన పనీ సరిగ్గా ఇదే. కాకపోతే అక్కడ జబ్బు వచ్చింది, ఇక్కడ వాసన వచ్చింది.

వాసన గురించి ఒక మాట. హైడ్రోజన్ సల్ఫైడ్ గాలిలో పది లక్షల్లో ఒక వంతు కన్నా తక్కువున్నా ముక్కు పసిగడుతుంది. ఇళ్లలో వచ్చేది సాధారణంగా ఈ కొద్దిపాటి స్థాయే. తలనొప్పి, వికారం తెప్పించవచ్చు. కానీ పది లక్షల్లో వంద వంతుల దగ్గరికి చేరితే వాసన తెలిసే శక్తే మొద్దుబారుతుంది. మ్యాన్‌హోల్‌లోకి దిగిన కార్మికుల ప్రాణాలు తీసేది ఈ వాయువే. అందుకని ఛాంబర్ మూత తీసి తల లోపల పెట్టి వాసన చూడటం ఎవరూ చేయకూడదు. ఇంట్లో ఉన్న కొద్దీ ముక్కు కూడా అలవాటు పడిపోతుంది. వాసన ఉందో లేదో ఇంట్లోవాళ్లని కాకుండా అప్పుడే బయటి నుంచి వచ్చిన వాళ్లని అడగడం మేలు.

ఇక పిన్ని ఇంట్లో మిగిలిన వాసన. నీళ్లు పోశాక రెండు బాత్రూంలు బాగయ్యాయి. అతిథుల బాత్రూంలో మాత్రం ఉంది. ఎక్కడి నుంచో తెలుసుకోవడానికి ఒక్కో రంధ్రాన్నీ విడిగా మూసి చూశారు. జాలీ మీద నీళ్లు నింపిన ప్లాస్టిక్ కవరు పెట్టి, తలుపు మూసి, అరగంట తర్వాత బాబాయి బయటి నుంచి వచ్చి చూశాడు. వాసన అలాగే ఉంది. అంటే జాలీది తప్పు కాదు. బేసిన్ కింద చూస్తే అసలు సంగతి బయటపడింది. ముడతల ప్లాస్టిక్ వేస్ట్ పైపు బేసిన్ నుంచి దిగి గోడలోని పైపు నోట్లోకి ఊరికే దూర్చి ఉంది. మధ్యలో వంపూ లేదు, ట్రాపూ లేదు. పైపు చుట్టూ వేలు పట్టేంత సందు. మన దగ్గర ఎన్నో ఇళ్లలో ఇదే తీరు. బేసిన్ పైపు ట్రాప్ ఉన్న జాలీలోకి, నీటి గోడకు ముందువైపు పడేలా పెడితే ఇబ్బంది లేదు. నేరుగా మురుగు లైనులోకి పెడితే మాత్రం ఆ బేసిన్‌కి అడ్డే లేనట్టు.

ప్లంబర్ వచ్చి ఆ ముడతల పైపు తీసేసి బాటిల్ ట్రాప్ బిగించాడు. చిన్న సీసాలా ఉంటుంది, అడుగున మూత తిప్పి శుభ్రం చేసుకోవచ్చు. గోడ దగ్గర సందుకి రబ్బరు వాషరు వేసి మూశాడు. పని గంటలోపే అయిపోయింది.

వాసన ఎప్పుడొస్తుందో గమనిస్తే సగం రోగం తెలుస్తుంది. చాలాసేపు వాడకపోతే వస్తే ట్రాప్ ఎండింది. కుళాయి తిప్పినప్పుడే బేసిన్‌లోంచి వస్తే అది డ్రైనేజీ వాయువు కాకపోవచ్చు. బేసిన్ ఓవర్‌ఫ్లో రంధ్రంలోనూ వేస్ట్ కప్లింగ్‌లోనూ పేరుకున్న సబ్బు జిగురే కారణం, బ్రష్‌తో తోమితే పోతుంది. పై అంతస్తులో ఫ్లష్ చేసినప్పుడు మీ జాలీ గుడగుడమంటే, నిలువు పైపులోంచి పడే నీళ్లు గాలిని లాగి మీ ట్రాపులోని నీటినీ లాగేస్తున్నాయన్నమాట. టెర్రస్ మీద వెంట్ పైపు మూసుకుపోయిందేమో చూడాలి. అది ఒక ఫ్లాటు వాళ్లు చేసే పని కాదు, అసోసియేషన్ చేయించాలి. నీళ్లు పోసిన రెండు రోజులకే మళ్లీ ఎండిపోతే ట్రాప్ పగిలి ఉండవచ్చు, లేదా వంపు అంచు మీద వెంట్రుకలో మాప్ దారమో వేలాడుతూ ఉండవచ్చు. దీపపు వత్తి నూనెను పీల్చినట్టు ఆ దారం నీటిని చుక్కచుక్కగా అవతలికి చేరవేస్తుంది. జాలీ తీసి, చేతికి గ్లౌజు వేసుకుని, ఆ చిక్కును లాగేయాలి. కొన్ని జాలీల కింద బోర్లించిన గిన్నెలాంటి ముక్క ఉంటుంది. నీళ్లు త్వరగా పోవడం లేదని పనివాళ్లు దాన్ని తీసి పక్కన పెడతారు. ఆ గిన్నె లేకపోతే నీళ్లున్నా అడ్డు ఉండదు.

చాలామంది బేసిన్‌లో కర్పూరం ఉండలలాంటి నాఫ్తలీన్ గోళీలు వేస్తారు. అవి వాసన మీద ఇంకో వాసన కప్పుతాయి, వాయువు మాత్రం వస్తూనే ఉంటుంది. టాయిలెట్ యాసిడ్, బ్లీచింగ్ పౌడరు ఒకేసారి పోయడం ఇంకా ప్రమాదం. రెండూ కలిస్తే క్లోరిన్ వస్తుంది, మూసిన బాత్రూంలో ఊపిరాడదు.

పిన్ని వాళ్లు మళ్లీ నవంబరులో బయల్దేరుతున్నారు. ఈసారి ఏం చేయాలో రాసిచ్చాను. వెళ్లే రోజు అన్ని జాలీల్లోనూ బేసిన్లలోనూ నీళ్లు నింపాలి. ఆ పైన నాలుగైదు చెంచాల లిక్విడ్ పారాఫిన్ పోయాలి, మెడికల్ షాపుల్లో దొరుకుతుంది. నీటి మీద పొరలా పరుచుకుని ఆవిరి కాకుండా ఆపుతుంది. వంట నూనె కూడా ఆపుతుంది గానీ నెలలు గడిస్తే కంపు కొట్టి బొద్దింకలను పిలుస్తుంది. తర్వాత జాలీల మీద నీళ్లు నింపిన కవర్లు పెట్టాలి, కమోడ్ మూత దించాలి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ స్విచ్చి ఆపాలి. "ఎదురింటి అమ్మాయికి తాళం చెవి ఇస్తాను, నెలకోసారి వచ్చి తలా ఒక మగ్గు పోస్తుంది" అంది పిన్ని. నూనె పొర ఉన్న చోట నీళ్లు ధారగా కుమ్మరిస్తే పొర కొట్టుకుపోతుంది కాబట్టి, వచ్చిన ప్రతిసారీ రెండు చెంచాలు మళ్లీ వేయమని సీసా వంటింటి గట్టు మీదే పెట్టి వెళ్లమన్నాను.