నిలబడ్డ బొమ్మకు ఊపిరి

సినిమాలో ఓ పాత్ర 12 సెకన్లపాటు నిలబడి ఎదుటివాళ్ల మాట వింటోందనుకోండి. నటి అయితే ఒళ్లు తనంతట తానే ఊపిరి తీస్తుంది, ఓ కాలి మీంచి ఇంకో కాలి మీదికి ఒరుగుతుంది. కంప్యూటర్ బొమ్మకు ఆ సౌకర్యం లేదు. యానిమేటర్ కదపనిదే దాని కనురెప్ప కూడా వాలదు. చేత్తో గీసిన బొమ్మను కాసేపు ఆపినా చెల్లుతుంది. త్రీడీ బొమ్మ మాత్రం ఆగిన మరుక్షణం ప్రాణం పోయినట్టుంటుందని జాన్ లాసెటర్ 1987లోనే హెచ్చరించాడు. అందుకే ‘మూవింగ్ హోల్డ్’ అవసరం. అంటే, ఆగినట్టే కనిపిస్తూ సన్నగా కదలడం.

సెకనుకు 24 ఫ్రేముల లెక్కన మన షాటు 288 ఫ్రేములు. స్థిమితంగా ఉన్న మనిషి నిమిషానికి 15 సార్లు ఊపిరి తీస్తాడనుకుంటే ఒక్కోదానికి 96 ఫ్రేములు, మొత్తం మూడు ఊపిర్లు. పీల్చడానికి 36, వదలడానికి 48, చివర 12 ఊరికే ఆగడానికి. చెరి సగం పంచితే పంపు కొట్టినట్టుంటుంది. కదలిక పొట్ట దగ్గర, ఛాతీలో మొదలై రెండు మూడు ఫ్రేములు ఆలస్యంగా భుజాలకు చేరాలి. కొత్తవాళ్లు నేరుగా భుజాలనే ఎగరేస్తారు. దాంతో పాత్రకు ఆయాసం వచ్చేస్తుంది!

నా దృష్టిలో ఊపిరికన్నా కష్టం బరువు మార్చడం. పాత్ర కుడికాలి మీద నిలబడిందంటే నడుము ఆ పాదం పైకి జరిగి ఉంటుంది, తుంటి కుడివైపు కాస్త ఎత్తుగా ఉంటుంది, భుజాలు అందుకు ఎదురుగా వాలతాయి, ఎడమ మోకాలు వదులవుతుంది. ఎడమకు మారేటప్పుడు నడుము తిన్నగా జరగదు. కొంచెం కిందికి దిగి, రెండు కాళ్ల మధ్యగా పోయి, అవతల మళ్లీ లేస్తుంది. దీనికి ఒక సెకను, ఆపైన ఒళ్లు కుదురుకోవడానికి అరసెకను ఇవ్వొచ్చు.

ఎప్పుడు మార్చాలి? చెడ్డవార్త 125వ ఫ్రేములో చెవిన పడితే, రెండో ఊపిరి వదలడం మొదలయ్యే 133వ ఫ్రేములో మార్చడం బాగుంటుంది. ఎందుకంటే ఊపిరి వదిలేటప్పుడు ఒళ్లు సడలుతుంది. కారణం లేకుండా ఊగిస్తే పాత్ర నీళ్లలో తేలుతున్నట్టుంటుంది.

తప్పులు ఎక్కువగా కాళ్ల దగ్గర బయటపడతాయి. పాదం నేలమీద జారుతుంది. లేదా, కాలు పూర్తిగా నిటారై ఉన్నప్పుడు నడుము వెంట్రుకవాసి పైకి లేచినా మోకాలు టక్కున కొట్టుకుంటుంది. అందుకే బరువు మోసే కాలికి కూడా కొద్దిపాటి వంపు ఉంచుతారు.

ఈసారి యానిమేషన్ సినిమా చూసేటప్పుడు, మాట్లాడే పాత్రను కాసేపు వదిలేసి పక్కన నిలబడి వింటున్నదాని నడుమునూ కాళ్లనూ గమనించండి.