నాన్న రాసిన దస్తావేజు ఎంతవరకు చెల్లుతుంది?

తెనాలి దగ్గర ఒక పల్లె అనుకోండి. నాన్నగారి పెద్దకర్మ అయ్యాక మూడెకరాల మాగాణి, డాబా ఇల్లు ఎలా పంచుకోవాలన్న మాట వచ్చింది. అప్పుడు తమ్ముడు బీరువాలోంచి ఒక దస్తావేజు తెచ్చి బల్లమీద పెట్టాడు. "నాన్న ఎనిమిదేళ్ల కిందటే నా పేర రిజిస్టరు చేశాడు అన్నయ్యా. చెప్పొద్దన్నాడు." హైదరాబాదు నుంచి వచ్చిన అన్న దాన్ని చదివి, "తాతల ఆస్తి నీకొక్కడికే రాయడానికి ఆయనకేం హక్కుందిరా?" అన్నాడు. తమ్ముడి ధీమా రిజిస్ట్రేషన్ ముద్ర మీద, అన్న ధీమా తాతల ఆస్తి అన్న మాట మీద. నిజానికి రెండూ సగం సగమే నిలుస్తాయి.

దాన సెటిల్‌మెంట్ వీలునామా లాంటిది కాదు. వీలునామా మనిషి పోయాకే అమల్లోకి వస్తుంది, బతికుండగా ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. దానం మాత్రం ఇచ్చే మనిషి బతికుండగానే అమలైపోతుంది. ఆయన సంతకం, కనీసం ఇద్దరు సాక్షుల సంతకాలు, రిజిస్ట్రేషన్, ఆయన జీవితకాలంలోనే పుచ్చుకున్నవాడి అంగీకారం ఉండాలి. ఆ తర్వాత మనసు మారిందని ఊరికే రద్దు చేసుకోలేడు.

"ఇంట్లో చివరిదాకా నాన్నే ఉన్నాడు కదా, అప్పగించలేదు కదా" అన్నది అన్న మొదటి వాదన. ఇది నిలవదు. దాత బతికున్నంతకాలం తానే అనుభవిస్తానని రాసుకున్నా దానం చెల్లుతుందని రేణికుంట్ల రాజమ్మ కేసులో 2014లో సుప్రీంకోర్టు చెప్పింది.

అసలు ముడి వేరేచోట ఉంది. ఈ ఆస్తి నాన్నకు ఎలా వచ్చింది? ఇల్లు ఆయన తన జీతంతో కొన్న స్థలంలో కట్టుకున్నాడు. స్వార్జితం కాబట్టి ఎవరికైనా ఇచ్చుకోవచ్చు. పెద్దకొడుకుకి బాధగా ఉంటుంది గానీ చట్టానికి అది కారణం కాదు.

పొలం సంగతి అంత తేలిక కాదు. తాత దగ్గర్నుంచి వచ్చినదంతా పిత్రార్జితమే అని మన ఇళ్లలో అనుకుంటాం. తాత సొంతంగా సంపాదించి, 1956 హిందూ వారసత్వ చట్టం వచ్చాక వీలునామా లేకుండా పోయి ఉంటే, ఆ వాటా నాన్నకు వారసుడిగా దక్కుతుంది. అది ఆయన సొంత ఆస్తే, మనవలకు పుట్టుకతో హక్కు రాదు. 1986లో చందర్ సేన్ కేసు తేల్చింది ఇదే. నాన్న, ఆయన అన్నదమ్ములు ఉమ్మడి ఆస్తిని పంచుకున్నప్పుడు ఆయన భాగానికి వచ్చిన పొలమైతే కథ మారిపోతుంది. అందులో కొడుకులకు పుట్టుకతోనే హక్కు ఉంటుంది. అందుకే వకీలు అన్నను అడిగే మొదటి కాగితం నాన్నల తరం పారీఖత్తు. దానితోపాటు ఈసీ, దస్తావేజు నకలు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తీసుకోవాలి. పాసుపుస్తకంలో తమ్ముడి పేరు ఎక్కినంత మాత్రాన హక్కు పుట్టదు.

ఈ కుటుంబంలో పారీఖత్తు 1968 నాటిది, ఉమ్మడి భూమి పంపకమే. అలాంటి భూమిలో తన విడదీయని వాటానైనా సరే, మిగతా వాటాదార్ల సమ్మతి లేకుండా తండ్రి దానం ఇవ్వడం చెల్లదు. తమ్మా వెంకట సుబ్బమ్మ కేసులో 1987లో సుప్రీంకోర్టు ఈ సూత్రమే చెప్పింది. ప్రేమతో ఇచ్చానన్నది మినహాయింపు కాదు. అంచేత మూడెకరాల మీద దానం నిలవదు. తండ్రికి ఒకటి, కొడుకులకు చెరొకటి. తల్లి ముందే పోయింది, ఆడపిల్లలు లేరు కాబట్టి తండ్రి ఎకరం చెరి సగం. ఒక్కొక్కరికి ఎకరన్నర. ఆడపిల్ల ఉంటే ఈ లెక్కలో ఆమెకూ వాటా ఉండేది.

ఇంటి మీద అన్నకు మిగిలింది ఒకటే దారి, సంతకం మీద అనుమానం. ఎప్పుడూ సంతకం చేసే మనిషి వేలిముద్ర వేశాడా? మంచాన ఉన్నప్పుడు సబ్ రిజిస్ట్రార్ ఇంటికి వచ్చి రాయించాడా? సాక్షులిద్దరూ తమ్ముడి మనుషులేనా? నాన్న పూర్తిగా తమ్ముడి మీదే ఆధారపడి ఉంటే, ఒత్తిడి లేదని చూపే భారం తమ్ముడి మీదికి వెళ్లొచ్చు. కానీ ఆదరించిన కొడుక్కి ఇవ్వడం అనుమానం కాదు, సహజమే. ఇక్కడ చాలామంది డబ్బు, ఏళ్లు తగలేస్తారు. మోసమో ఒత్తిడో అనే దావాకు విషయం తెలిసిన నాటి నుంచి మూడేళ్లే గడువు. తండ్రి ఇచ్చిన పిత్రార్జితానికైతే పుచ్చుకున్నవాడు స్వాధీనం తీసుకున్న నాటి నుంచి పన్నెండేళ్లు.

ఇద్దరూ రాజీపడితే పొలాన్ని మాత్రమే చెరో ఎకరన్నరగా పంపక దస్తావేజు రిజిస్టరు చేయించుకుంటే చాలు. అందులో ఇల్లు తమ్ముడిదేనని అన్న ఒప్పుకున్నట్టు ఒక వాక్యం రాయించుకోమని ఏ దస్తావేజు లేఖరి అయినా తమ్ముడికి చెబుతాడు.