నైట్ ఫోటోలో పెట్టిన మనిషి మీద నియాన్ వెలుగు పడాలంటే…

ఈ ఎపిసోడ్ మొత్తం ఒక్క ఫోటో గురించే. యాప్రాల్ నుంచి ఒక తమ్ముడు పంపించాడు. వాళ్ళ నాన్నగారు టిఫిన్ సెంటర్ పెట్టారు. పింక్ కలర్ నియాన్ బోర్డు కూడా ఆర్డర్ ఇచ్చారు, కానీ అది వెలిగే రోజుకి ఆయన లేరు. “అన్నా, ఆ బోర్డు కింద నాన్న నిలబడినట్టు ఒక్క ఫోటో కావాలి, షాపులో పెట్టుకుంటాం” అని మెసేజ్. తను చేసిన ఎడిట్ కూడా పంపాడు. కటింగ్ నీట్‌గా ఉంది, సైజు కరెక్ట్. అయినా నాన్నగారు అక్కడ ఉన్నట్టు లేరు, స్టిక్కర్ అంటించినట్టు ఉన్నారు.

ఎందుకంటే ఆయన ఫోటో పగలు డాబా మీద తీసింది. ఆ పగటి వెలుగు తీయకుండా పైన పింక్ పూస్తే ముఖానికి రంగు రాసినట్టే ఉంటుంది. కాబట్టి ముందు చీకటి, తర్వాతే రంగు.

నేను ఐబిస్ పెయింట్‌లో చేశాను. కింద వీధి ఫోటో, దాని మీద నాన్నగారి లేయర్. ఆ పైన కొత్త లేయర్ తీసుకుని `Clipping` ఆన్ చేయండి. అప్పుడు మనం ఏం పూసినా మనిషి దాటి బయటికి పోదు. దీన్ని `Multiply`లో పెట్టి ముదురు నీలం-బూడిద రంగు నింపండి. ఎంత చీకటి చేయాలి? ఊహించొద్దు. అదే వీధి ఫోటోలో బోర్డుకి దూరంగా బైక్ పక్కన ఒకాయన నిలబడి ఉన్నాడు. ఆయన చొక్కా ఎంత డల్‌గా ఉందో నాన్నగారి తెల్ల చొక్కా అంత డల్ అయ్యేదాకా తగ్గించాను.

ఇప్పుడు రంగు. చాలామంది కలర్ పికర్‌తో బోర్డు అక్షరాల మీదే నొక్కుతారు. జూమ్ చేసి చూడండి, అక్షరం మధ్యలో దాదాపు తెలుపే ఉంటుంది. వెలుగు ఎక్కువై కెమెరా అక్కడ రంగు పట్టుకోలేదు. అసలు రంగు పక్కన గోడ మీద, కింద టైల్స్ మీద ఉంటుంది. అక్కడ నుంచి తీసుకోండి.

తర్వాత ఇంకో `Clipping` లేయర్. తమ్ముడు ఇక్కడ `Screen` వాడాడు. దాంతో నల్ల ప్యాంటు కూడా గులాబీ పాలలో ముంచినట్టు అయింది. నిజంగా ఏం జరుగుతుందంటే, వెలుగు పడ్డాక వస్తువు తన వంతు మాత్రమే తిప్పి పంపుతుంది. తెల్ల చొక్కా, నెరిసిన జుట్టు దాదాపు మొత్తం పంపిస్తాయి. చర్మం కొంత. నల్ల గుడ్డ దాదాపు ఏమీ పంపదు. `Color Dodge` ఈ పద్ధతికి దగ్గరగా ఉంటుంది, నలుపుని నలుపుగానే వదిలేస్తుంది. కాకపోతే తెలుపు మీద తొందరగా పేలిపోతుంది, అందుకే ఒపాసిటీ 25-30 శాతం దగ్గర మొదలుపెట్టండి.

బ్రష్ మెత్తనిది తీసుకోండి. బోర్డు ఫోటోలో కుడివైపు పైన ఉంది కదా, అంటే కుడివైపు చెంప, ముక్కు పక్క, కాలర్, భుజం పైభాగం. గడ్డం కింద, చొక్కా మడతల లోపల పూయొద్దు, బోర్డుకి అవి కనిపించవు. మీరే ఆ బోర్డు అనుకుని చూడండి, మీకు కనిపించే చోటే వెలుగు. భుజం దగ్గర గట్టిగా, నడుము దగ్గర సగం కంటే తక్కువ, చెప్పుల దగ్గర పేరుకే.

ఎదురుగా మెడికల్ షాపు ఆకుపచ్చ ప్లస్ బోర్డు కూడా ఉంది. అది రోడ్డు అవతల, కాబట్టి ఎడమ భుజం మీద సన్నటి గీతలా చాలు. ముఖం మీద ఎక్కువైతే మనిషి జబ్బు పడ్డట్టు కనిపిస్తారు. నాన్నగారి ఫోటోలో అది వద్దు కదా, నేను ముఖానికి అసలు ఇవ్వలేదు.

నీడ మర్చిపోకండి. వెలుగు కుడి నుంచి వస్తే నీడ ఎడమకి పోవాలి, పాదాల దగ్గర ముదురుగా, దూరం వెళ్ళేకొద్దీ మసకగా.

తమ్ముడూ, ప్రింట్ గురించి ఒక మాట. ఫోన్‌లో మెరిసే ఆ పింక్ ఇంకులో రాదు. స్క్రీన్ వెలుగుతుంది, కాగితం వెలగదు. చొక్కా మడతలు కలిసిపోయి ఒకటే పింక్ ముద్దలా పడే ఛాన్స్ ఉంది. పింక్ లేయర్ సాచురేషన్ కొంచెం తగ్గించి, ముందు 4×6 సైజులో ఒకటి తీయించు. చొక్కా జేబు అంచు కనిపిస్తుంటే పెద్దది ఆర్డర్ ఇచ్చెయ్. ఫైల్ నీకు మెయిల్ చేశాను, లేయర్లతో సహా.