ఇంటర్వ్యూకి వస్తున్నానని చెప్పే నాలుగు వాక్యాలు

లండన్ ఆఫీసు నుంచి ఒక మేనేజరమ్మ మెయిల్ పంపింది. అక్టోబరు 14 మంగళవారం, భారత కాలమానం ప్రకారం మధ్యాహ్నం 3 గంటలకు వీడియో ఇంటర్వ్యూ, వీలవుతుందో లేదో చెప్పమంది. కింద తన పేరు కూడా రాసింది. మన అభ్యర్థి ఇలా జవాబిచ్చాడనుకుందాం:

"రెస్పెక్టెడ్ సర్, ఐ విల్ ట్రై టు అటెండ్ ద ఇంటర్వ్యూ. ఐ హావ్ ఎ డౌట్ ఇన్ ద లింక్. కైండ్లీ డు ద నీడ్‌ఫుల్ అండ్ రివర్ట్ బ్యాక్ ఎట్ ది ఎర్లియెస్ట్."

ఇందులో ఎక్కడా అమర్యాద లేదు. ఉన్న మర్యాదంతా మనది, చదివేది మాత్రం వేరే ఊరివాళ్లు.

రెస్పెక్టెడ్ సర్ బడిలో సెలవు చీటీలతో వచ్చిన అలవాటు. పెద్దవాళ్లను పేరు పెట్టి పిలవడానికి మనకు నోరు రాదు. కానీ ఇంగ్లీషు ఉత్తరంలో డియర్ మిజ్ అని ఇంటిపేరు చేర్చడమే గౌరవం. పైగా రాసింది ఆడమనిషి. సర్ అనగానే సంతకం కూడా చూడలేదని ఆమెకు తెలిసిపోతుంది.

అన్నిటికన్నా నష్టం చేసేది ట్రై. మనవైపు 'వచ్చేందుకు ప్రయత్నిస్తానండీ' అంటే వినయం. ఆమె అడిగింది వస్తావా, రావా అని. ట్రై అంటే రాకపోవచ్చని ఆమెకు అర్థమవుతుంది.

మన క్లాసుల్లో డౌట్ అంటే అడగాల్సిన ప్రశ్న. ఆమె చెవికి అది అనుమానం, లింకుని నమ్మట్లేదన్నట్టు ఉంటుంది. అసలు సంగతి లింకు తెరుచుకోవడం లేదని. ఆ ముక్క ఉత్తరంలో ఎక్కడా లేదు! డు ద నీడ్‌ఫుల్ అంటే ఏం చేయాలో ఆమే ఊహించుకోవాలి. మన ఆఫీసుల్లో రివర్ట్ అంటే జవాబివ్వడం. అక్కడ ప్రధానంగా పాత స్థితికి తిరిగి వెళ్లడం. ఇక ఎట్ ది ఎర్లియెస్ట్, ఉద్యోగం ఇచ్చేవాళ్లని తొందరపెట్టినట్టు వినిపిస్తుంది.

హైదరాబాదు కంపెనీకి రాస్తే వీటిలో చాలావరకు ఎవరూ పట్టించుకోరు. అక్కడా ట్రై మాత్రం వద్దు.

అదే జవాబు ఇలా ఉంటే చాలు:

"థాంక్యూ ఫర్ ది ఇన్విటేషన్. ఐ కన్ఫర్మ్ దట్ ఐ విల్ అటెండ్ ది ఇంటర్వ్యూ ఆన్ ట్యూస్‌డే, 14 అక్టోబర్, ఎట్ 3 పి.ఎం. ఇండియా టైమ్. ది లింక్ డజ్ నాట్ ఓపెన్ ఫర్ మి. కుడ్ యు ప్లీజ్ సెండ్ ఇట్ అగైన్?"

వారం, తేదీ, సమయం మూడూ తిరిగి రాయడం ఊరికే కాదు. ఆమె వారం ఒకటి, తేదీ ఒకటి వేసి ఉంటే ఇక్కడే బయటపడుతుంది. మన మధ్యాహ్నం 3 అంటే ఆ రోజు లండన్‌లో ఉదయం 10:30. ఇండియా టైమ్ అన్న మాట వదిలేస్తే, వాళ్ల 3 గంటలనుకునే ప్రమాదముంది. అప్పటికి మనకి రాత్రి 7:30. ఐ.ఎస్.టి. అని పొడి అక్షరాలు వేయడమూ మంచిది కాదు, ఐర్లండ్, ఇజ్రాయెల్ సమయాలకూ అవే అక్షరాలు వాడతారు.