పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకునే పని ఫోన్‌ది

మన బ్యాంకులు తమ వెబ్‌సైట్లను bank.in తో ముగిసే కొత్త చిరునామాలకు మార్చుకోవాలని రిజర్వు బ్యాంకు 2025 అక్టోబరు 31 దాకా గడువు పెట్టింది. ఆ చిరునామాలు కేటాయించే పని హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లో ఉన్న ఐడీఆర్‌బీటీకి అప్పజెప్పింది. స్టేట్ బ్యాంకు sbi.bank.in అయింది, హెచ్‌డీఎఫ్‌సీ hdfc.bank.in అయింది. ఇలా చిరునామా మారినప్పుడు ఫోన్‌లో పాస్‌వర్డ్ మేనేజర్ వాడేవాళ్లకు ఒక చిక్కు ఎదురవుతుంది. అన్నాళ్లూ నెట్‌బ్యాంకింగ్ పేజీ తెరవగానే యూజర్ నేమూ పాస్‌వర్డూ తెచ్చి చూపించిన ఫోన్, కొత్త పేజీలో ఏమీ ఎరగనట్టు ఊరుకుంటుంది.

యాప్ పాడైందేమో అనిపిస్తుంది. నిజానికి అది తన పని తాను సరిగ్గా చేస్తున్నట్టు లెక్క. పాస్‌వర్డ్ మేనేజర్ మనం దాచిన ప్రతి పాస్‌వర్డ్ పక్కనా అది ఏ వెబ్‌సైటుకు చెందిందో రాసుకుంటుంది. తర్వాత ఆ పెట్టెలో వేలు పెట్టినప్పుడు పేజీలోని బొమ్మలూ రంగులూ చూడదు. పైన ఉన్న చిరునామా, తాను రాసుకున్న చిరునామా ఒకటేనా కాదా అని మాత్రమే చూస్తుంది. ఒకటైతే చూపిస్తుంది, కాకపోతే లేదు. మన కళ్లు అలా చూడవు. sbi.bank.in.example.com అని కనిపిస్తే మనం మొదటి సగం చదివి సరే అనుకుంటాం. ఆ పేజీ యజమాని ఎవరో చెప్పేది మాత్రం చివరి భాగం, అంటే example.com. కేవైసీ గడువు అయిపోతోందంటూ వచ్చే మెసేజీల్లోని లింకులు బతికేది ఈ తేడా మీదే. లోగో అచ్చు దించినా చిరునామా దించలేరు కాబట్టి అలాంటి పేజీలో ఫోన్ మౌనంగా ఉండిపోతుంది.

కాబట్టి ఎప్పుడూ నింపే చోట ఫోన్ నింపనంటే విసుక్కోకుండా ఒకసారి పైకి చూడాలి. బ్యాంకు నిజంగానే చిరునామా మార్చిందని పాస్‌బుక్కులోనో, శాఖలోనో, బ్యాంకు సొంత యాప్‌లోనో తేల్చుకున్నాక కొత్త చిరునామాను పాత ఎంట్రీలో మనమే కలపాలి. మెసేజీలో వచ్చిన లింకును బట్టి కలిపితే మొదటికే మోసం.

ప్రతి ఖాతాకూ వేరే పాస్‌వర్డ్ ఎందుకన్న ప్రశ్నకు 2023లో అమెరికాలో ఒక జవాబు దొరికింది. జన్యు పరీక్షలు చేసే 23అండ్‌మీ అనే కంపెనీలో దొంగలు ఏ గోడకూ కన్నం వేయలేదు. వేరే సైట్ల నుంచి ఎప్పుడో బయటపడ్డ ఈమెయిల్, పాస్‌వర్డ్ జతలు తెచ్చి వరసగా ఇక్కడ ప్రయత్నించారు. అదే పాస్‌వర్డ్‌ను అక్కడా ఇక్కడా వాడిన సుమారు 14,000 మంది ఖాతాలు తెరుచుకున్నాయి. బంధువులను వెతికిపెట్టే సౌకర్యం అందులో ఉండటంతో, ఆ ఖాతాల ద్వారా దాదాపు 69 లక్షల మంది వివరాలు బయటికి పోయాయి. పాస్‌వర్డ్ ఎంత కఠినమైనదన్నది ఇక్కడ లెక్కలోకే రాలేదు. రెండుచోట్ల ఒకటే కావడమే కొంప ముంచింది. పేరు చివర @123 తగిలించి, ఇంకోచోట @1234 చేసి వేరు అనుకునే మన అలవాటు కూడా దీనికి అడ్డు కాదు. అలాంటి చిన్న మార్పులన్నీ ప్రోగ్రాములే వేసి చూస్తాయి.

సగటు మనిషికి ఈమెయిలు, రైలు టికెట్లు, కరెంటు బిల్లు, పీఎఫ్, ఆదాయపు పన్ను, పిల్లల ఫీజు, రెండు మూడు కొనుగోళ్ల సైట్లు, ఇలా పాతిక ముప్ఫై ఖాతాలు ఉంటున్నాయి. అన్నిటికీ వేరువేరుగా పదిహేనేసి అక్షరాలు గుర్తుంచుకోవడం అవధానులకే చెల్లు. అందుకే ఆ పని ఫోన్‌కు అప్పగించడం.

ఏ మేనేజర్ తీసుకోవాలి? ఆండ్రాయిడ్ ఫోన్‌లో గూగుల్‌ది, ఐఫోన్‌లో ఆపిల్‌ది ఎలాగూ ఉంటాయి. ఒక్కరే వాడుకునే ఫోన్, స్క్రీన్ లాక్ ఇంకెవరికీ తెలియదు అంటే అవి చాలు. అయితే మన ఇళ్లలో ఫోన్ పిన్ పిల్లలకు తెలియకపోవడం అరుదు. ఆ పిన్ కొడితే ఆ మేనేజర్లలో దాచినవన్నీ కూడా కనిపించే వీలుంది. అలాంటి ఇంట్లో విడిగా తన సొంత తాళం ఉన్న యాప్ మేలు. బిట్‌వార్డెన్ అందులో ఒకటి. ఎన్ని పాస్‌వర్డ్‌లైనా, ఎన్ని ఫోన్లలోనైనా ఉచితంగానే దాచుకోవచ్చు, దాని ప్రోగ్రామును ఎవరైనా చదివి పరీక్షించుకునేలా బయట పెట్టారు. దాన్నే ఉదాహరణగా తీసుకుందాం.

ప్లే స్టోర్ నుంచి దించుకుని ఈమెయిలుతో ఖాతా తెరుస్తాం. అప్పుడు అడిగే మాస్టర్ పాస్‌వర్డ్ ఒక్కటే ఇక మనం గుర్తుంచుకోవాల్సింది. ఇది ఎంత గట్టిదైతే మిగతావన్నీ అంత గట్టి. సంబంధం లేని ఐదు మాటలు కలిపి పెట్టుకోవడం మంచి పద్ధతి. పాచికలు వేసి 7,776 మాటల జాబితాలోంచి ఎంచుకునే డైస్‌వేర్ అనే పద్ధతి 1995 నుంచీ ఉంది. అందులో నాలుగు మాటలకే 3,600 లక్షల కోట్లకు పైగా కూర్పులు వస్తాయి, ఐదోది దాన్ని మళ్లీ వేల రెట్లు చేస్తుంది. తెలుగు మాటలే ఇంగ్లిషు అక్షరాల్లో పెట్టుకోవచ్చు, పాత నవల ఒకటి తీసి కళ్లు మూసుకుని ఐదు పేజీల్లో వేలు పెడితే సరి. అయితే స్పెల్లింగు మాత్రం చూసుకోవాలి. ఈరోజు vankaya అని, రేపు vankaaya అని కొడితే తలుపు తెరుచుకోదు. సామెతలు, సినిమా పాటల పల్లవులు, దేవుడి నామాలు వద్దు. మన మనసుకు తట్టింది ఇంకొకరికీ తడుతుంది.

తర్వాత యాప్ సెట్టింగ్స్‌లో `Autofill` తెరిచి `Autofill services` నొక్కితే ఫోన్ ఒక జాబితా చూపిస్తుంది. అందులో బిట్‌వార్డెన్‌ను ఎంచుకోవాలి. చాలామంది ఇక్కడితో ఆగిపోయి, క్రోమ్‌లో పనిచేయడం లేదేమిటని తిరిగి అడుగుతారు. క్రోమ్‌కు వేరే స్విచ్ ఉంది. క్రోమ్ సెట్టింగ్స్‌లో `Autofill services` లోకి వెళ్లి `Autofill using another service` ఎంచుకుని, క్రోమ్‌ను మూసి మళ్లీ తెరవాలి. వేలిముద్రతో తెరిచే ఏర్పాటు కూడా ఇప్పుడే చేసుకుంటే రోజువారీ వాడకానికి మాస్టర్ పాస్‌వర్డ్ అంతగా కొట్టక్కర్లేదు. కొన్ని కంపెనీల ఫోన్లు బ్యాటరీ ఆదా పేరుతో వెనకాల నడిచే యాప్‌లను నిద్రపుచ్చుతాయి. రెండు రోజులు బాగా నింపి మూడో రోజు మానేస్తే అనుమానించాల్సింది దాన్నే. ఫోన్ సెట్టింగ్స్‌లో ఈ యాప్‌కు బ్యాటరీ పరిమితి తీసేయాలి.

ఇక రైలు టికెట్ల ఖాతా మార్చి చూద్దాం. irctc.co.in లో పాత పాస్‌వర్డుతోనే లాగిన్ అయితే, దాచమంటారా అని మేనేజర్ అడుగుతుంది, దాచాలి. సైటులో పాస్‌వర్డ్ మార్చే పేజీ తెరిస్తే ఎన్ని అక్షరాలు, ఏ గుర్తులు ఒప్పుకుంటారో అక్కడ రాసి ఉంటుంది. మేనేజర్‌లో ఆ ఎంట్రీ తెరిచి, పాస్‌వర్డ్ పక్కనున్న జనరేటర్‌లో పొడవును ఆ లెక్కకు సరిపెట్టి కొత్తది పుట్టించాలి. `t7#Rq9vLm2&xKd` లాంటిదేదో వస్తుంది. దాన్ని కాపీ చేసి సైటులో వేసి, సైటు ఒప్పుకున్నాకే మేనేజర్‌లో సేవ్ చేయాలి. వెంటనే లాగౌట్ అయి ఆటోఫిల్‌తో మళ్లీ లోపలికి వెళ్లి చూడాలి. ఈ చివరి పని వదలకూడదు. కొన్ని సైట్లు పొడవైన పాస్‌వర్డ్ ఇస్తే చెప్పాపెట్టకుండా చివరి అక్షరాలు కోసేసి దాచుకుంటాయి. ఆ సంగతి తత్కాల్ తెరిచే పది గంటలకు తెలియడం కంటే తీరిగ్గా ఉన్నప్పుడు తెలియడం నయం. మేనేజర్‌లో సేవ్ అయి సైటులో కాకపోతే కంగారు అక్కర్లేదు, ఆ ఎంట్రీకి వెనుక ఉన్న పాత పాస్‌వర్డ్‌లు హిస్టరీలో కొన్ని ఉంటాయి.

అన్నీ ఒక్క రోజులో మార్చనక్కర్లేదు. ముందు ఈమెయిలు, తర్వాత డబ్బుతో సంబంధం ఉన్నవి, మిగతావి ఎప్పుడు తెరిస్తే అప్పుడు.

అన్నీ ఒకేచోట పెడితే అదే పోతే ఏమిటన్న భయం న్యాయమైనదే. 2022లో లాస్ట్‌పాస్ అనే మేనేజర్ నుంచి దొంగలు ఖాతాదార్ల ఖజానాల నకళ్లు ఎత్తుకుపోయారు. పాస్‌వర్డ్‌లు గుప్తలిపిలో ఉన్నాయి, మాస్టర్ పాస్‌వర్డ్ లేకుండా విప్పలేరు. కానీ దొంగ ఆ నకలును తన దగ్గర పెట్టుకుని తీరిగ్గా ఊహలు వేసుకుంటూ పోవచ్చు. బలహీనమైన మాస్టర్ పాస్‌వర్డ్ పెట్టుకున్నవారికి ముప్పు, గట్టిది పెట్టుకున్నవారికి ఊరట. ఐదు మాటలు అన్నది అందుకే.

మేనేజర్ కాయలేనివి కూడా ఉన్నాయి. వాట్సాప్‌లో చలానా పేరుతో వచ్చిన ఏపీకే ఫైలును ఇన్‌స్టాల్ చేసి, అడిగిన యాక్సెసిబిలిటీ అనుమతి ఇచ్చేస్తే అది స్క్రీన్ మీద ఉన్నదంతా చదవగలదు. అప్పుడు ఏ మేనేజరూ రక్షించదు. యూపీఐ పిన్, ఏటీఎం పిన్ విషయంలో దీనికి పనే లేదు, అవి బుర్రలోనే ఉండాలి. కొన్ని బ్యాంకుల పేజీలు ఆటోఫిల్‌నూ పేస్టునూ అడ్డుకుంటాయి. భద్రత పేరిట పెట్టిన ఆ అడ్డు వల్ల మనుషులు చిన్న పాస్‌వర్డ్‌లకు దిగుతారు తప్ప మేలేమీ లేదు. అక్కడ మాత్రం మేనేజర్‌లో చూసి చేత్తో కొట్టక తప్పదు.

మరో చిక్కు చాలామందికి ఫోన్ పోయిన రోజున గానీ తెలియదు. మాస్టర్ పాస్‌వర్డ్ కంపెనీ దగ్గర ఉండదు. మరిచిపోతే వాళ్లు చేయగలిగింది ఆ ఖాతాను చెరిపేయడమే. అది గుర్తున్నా, కొత్త ఫోన్‌లో లాగిన్ అయ్యేటప్పుడు రెండంచెల తనిఖీ పెట్టుకోనివారికి బిట్‌వార్డెన్ 2025 నుంచి ఈమెయిలుకు ఒక కోడు పంపుతోంది. ఆ ఈమెయిలు పాస్‌వర్డ్ ఎక్కడుంది? మేనేజర్ లోపలే! అందుకే మాస్టర్ పాస్‌వర్డూ ఈమెయిలు పాస్‌వర్డూ రెండూ ఒక కాగితం మీద చేత్తో రాసి, ఇంటి దస్తావేజులున్న బీరువాలో పెట్టండి. ఆ కాగితం ఎక్కడుందో ఇంట్లో మీరు నమ్మే ఒక్కరికి చెప్పండి. పాత పాస్‌వర్డ్‌లు మార్చడం మొదలుపెట్టేది ఆ తర్వాతే.