మీకు తెలుసా? రెండున్నర దగ్గర తడబడే అడుగు

సినిమా లెక్కన సెకనుకు 24 ఫ్రేములతో చేసిన నడక యానిమేషన్‌ను 60 ఫ్రేముల గేమ్‌లో పెడితే, ఒక్కో పాత ఫ్రేముకు రెండున్నర కొత్త ఫ్రేములు రావాలి. అర ఫ్రేము ఉండదు కనుక ఒకదాన్ని రెండుసార్లు, తర్వాతి దాన్ని మూడుసార్లు చూపిస్తే నడక కుంటుతుంది. అందుకే ఫ్రేములను నకలు చేయకుండా, కదలిక వక్రరేఖ మీద ప్రతి 1/60 సెకనుకూ భంగిమను కొత్తగా లెక్కిస్తారు. కావాలనే ఆగి ఆగి కదిలేలా గీసిన బొమ్మలకు మాత్రం ఈ నునుపు పనికిరాదు. వాటి భంగిమలను అలాగే నిలిపి ఉంచాలి.

అసలు తంటా అడుగు చప్పుడుతో. పాదం 7వ ఫ్రేములో నేలను తాకితే కొత్త లెక్కలో అది 17.5. ఫ్రేము సంఖ్య కాకుండా 7/24, అంటే సుమారు 0.2917 సెకను అని రాసుకోవాలి. గేమ్ గడియారం సరిగ్గా ఆ క్షణంలో ఆగదు. కాబట్టి సమానమైందా అని కాదు, దాటిందా అని అడగాలి:

```
prev < t && t <= now
```

చప్పుడు 18వ ఫ్రేములో వినిపిస్తుంది. ఆలస్యం ఎప్పుడూ 1/60 సెకను లోపే, ఎన్ని అడుగులు వేసినా పేరుకోదు.