పాయింట్ ఫైవ్ గొట్టం

ఆస్పత్రి ఇచ్చే కల్చర్ అండ్ సెన్సిటివిటీ రిపోర్టులో ఒక్కో యాంటీబయాటిక్ పేరుకు ఎదురుగా ఎస్ అనో ఆర్ అనో ఒక అక్షరం ఉంటుంది. ఎస్ అంటే ఆ మందుకు ఆ బ్యాక్టీరియా లొంగుతుందని, ఆర్ అంటే లొంగదని. డిస్క్ పద్ధతిలో పరీక్ష చేసినప్పుడు ఆ అక్షరం వెనక స్కేలుతో కొలిచిన ఒక వలయం ఉంటుంది. మందు అద్దిన కాగితపు డిస్క్ చుట్టూ బ్యాక్టీరియా పెరగకుండా ఖాళీగా మిగిలిన చోటే ఆ వలయం. దాని వెడల్పు మందు బలం మీద, బ్యాక్టీరియా మొండితనం మీద ఎంత ఆధారపడుతుందో, ప్లేటు మీద మొదట్లో ఎన్ని బ్యాక్టీరియాను పరిచామన్నదాని మీద కూడా అంత ఆధారపడుతుంది. ఆ సంఖ్యను ల్యాబ్‌లో ఎవరూ లెక్కపెట్టరు. తెల్లని బేరియం సల్ఫేట్ తేలుతున్న ఒక గాజు గొట్టాన్ని బ్యాక్టీరియా కలిపిన ద్రవం పక్కన పెట్టుకుని, రెండింటి మసకా ఒకటే అయ్యేదాకా సరిచేస్తారు. ఆ గొట్టాన్నే మైక్రోబయాలజీ ల్యాబుల్లో పాయింట్ ఫైవ్ మెక్‌ఫార్లాండ్ అంటారు.

ఈ గొట్టం పుట్టింది యాంటీబయాటిక్స్ కోసం కాదు. అది పుట్టేనాటికి యాంటీబయాటిక్సే లేవు. 1900ల మొదట్లో లండన్‌లో ఆల్మ్‌రోత్ రైట్ అనే వైద్యుడు, చంపిన బ్యాక్టీరియాను టీకాగా ఎక్కించి జబ్బులు నయం చేయాలని చూస్తున్నాడు. టీకా మోతాదు తెలియాలంటే ద్రవంలో ఎన్ని బ్యాక్టీరియా ఉన్నాయో తెలియాలి. రైట్ దానికో తెలివైన దారి కనిపెట్టాడు. బ్యాక్టీరియా ద్రవాన్ని, మనిషి రక్తాన్ని సమానంగా కలిపి గాజు పలక మీద పూసి, మైక్రోస్కోపు కింద రెంటినీ లెక్కపెట్టేవాడు. ఒక ఘన మిల్లీమీటరు రక్తంలో ఎర్ర కణాలు సుమారు 50 లక్షలు. 100 ఎర్ర కణాలకు 200 బ్యాక్టీరియా కనిపిస్తే, ఆ ద్రవంలో ఘన మిల్లీమీటరుకు కోటి బ్యాక్టీరియా ఉన్నట్టు. లెక్క బాగానే ఉంది గానీ, ప్రతి టీకాకూ గంటల తరబడి కళ్ళు కాయలు కాసేలా కూర్చోవాలి.

అమెరికాలోని ఫిలడెల్ఫియాలో పాథాలజీ చెప్పే జోసెఫ్ మెక్‌ఫార్లాండ్‌కు అదే చిక్కు వచ్చింది. 1907లో ఆయన అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో తన పరిష్కారాన్ని ప్రచురించాడు. ఒకే కొలత గాజు గొట్టాలు పది. ఒక శాతం బేరియం క్లోరైడ్ ద్రావణం మొదటి గొట్టంలో 0.1 మిల్లీలీటరు, రెండో దాంట్లో 0.2, అలా పదో దాంట్లో 1 మిల్లీలీటరు. ఒక్కోదాన్ని ఒక శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లంతో 10 మిల్లీలీటర్లకు నింపాలి. రెండూ కలిసిన వెంటనే నీటిలో కరగని బేరియం సల్ఫేట్ సన్నని తెల్లటి రేణువులుగా ఏర్పడి గొట్టం మసకబారుతుంది. మొదటి గొట్టం మసక మిల్లీలీటరుకు సుమారు 30 కోట్ల బ్యాక్టీరియా మసకతో సమానం. పదోది 300 కోట్లతో సమానం. గొట్టాలకు సీలు వేస్తే అందులోది కుళ్ళదు, పెరగదు. బ్యాక్టీరియానే నమూనాగా దాచుకుందామంటే అవి పెరుగుతాయి, చస్తాయి, చితికిపోతాయి. ప్రాణమున్నదాన్ని కొలవడానికి ప్రాణం లేనిదాన్ని ఎంచుకోవడంలోనే మెక్‌ఫార్లాండ్ చూపంతా ఉంది.

రైట్ తరహా టీకా వైద్యం తర్వాత వెనకబడింది. గొట్టాలు మాత్రం ల్యాబుల్లో నిలిచాయి. యాంటీబయాటిక్స్ వచ్చాక డిస్క్ పరీక్ష మొదలైంది, దానితోపాటే గందరగోళమూ మొదలైంది. ఒక్కో ల్యాబు ఒక్కో రకం డిస్క్, ఒక్కో రకం అగార్, చేతికి వచ్చినంత బ్యాక్టీరియా వాడేది. ఒకచోట ఎస్ అన్నదే ఇంకోచోట ఆర్ అయ్యేది. 1966లో సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం నుంచి బవర్, కిర్బీ, షెరిస్, టర్క్ అనే నలుగురు ఒక్కో అంశాన్నీ బిగించి ఒకే పద్ధతిని రాశారు. కిర్బీ-బవర్ పద్ధతి అని మన కాలేజీల్లో ఇప్పటికీ చెప్పేది అదే. అందులో బ్యాక్టీరియా ఎంత పరచాలన్నదానికి వాళ్ళు పెట్టుకున్న కొలత, 99.5 మిల్లీలీటర్ల ఒక శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లంలో అర మిల్లీలీటరు బేరియం క్లోరైడ్. మెక్‌ఫార్లాండ్ మొదటి గొట్టంలో బేరియం వంతు నూటికి ఒకటైతే, ఇందులో నూటికి అర. అందుకే పాయింట్ ఫైవ్. మసక కూడా సగమే, చూడ్డానికి బియ్యం రెండోసారి కడిగిన నీళ్ళలా ఉంటుంది. బ్యాక్టీరియా లెక్కలో మిల్లీలీటరుకు దాదాపు 15 కోట్లు.

ఈ సంఖ్య మీద ఇంత పట్టుదల ఎందుకో తెలియాలంటే ప్లేటు మీద రాత్రంతా ఏం జరుగుతుందో చూడాలి. డిస్క్ పెట్టగానే మందు అగార్‌లోకి ఇంకుతూ చుట్టూ పాకుతుంది. అదే సమయంలో బ్యాక్టీరియా రెట్టింపవుతూ ఉంటుంది. ఎక్కడైనా మందు చాలినంత చేరేలోపే బ్యాక్టీరియా ఒక స్థాయి మందాన్ని మించిపోయిందంటే, ఆ తర్వాత ఎంత మందు వచ్చినా అక్కడ పెరుగుదల ఆగదు. వలయం అంచు అక్కడే పడుతుంది. అంటే మర్నాడు ఉదయం మనం కొలిచే గీత, ఇంక్యుబేటర్లో పెట్టిన మొదటి కొన్ని గంటల్లోనే తేలిపోయింది. ఇ.కోలై మంచి ఆహారం దొరికితే దాదాపు 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. పదింతలు ఎక్కువ బ్యాక్టీరియా పరిచామంటే మూడు రెట్టింపులకు పైగా, అంటే గంటకు మించి సమయం దానికి ముందే ఇచ్చేసినట్టు. వలయం కుదించుకుపోతుంది. తక్కువ పరిస్తే మందుకు వ్యవధి దొరికి వలయం ఉబ్బుతుంది. ఇందులో బ్యాక్టీరియా స్వభావం ఏమీ మారలేదు.

ఒక ఉదాహరణ చూద్దాం. మూత్రం నుంచి వచ్చిన ఇ.కోలైకి సిప్రోఫ్లాక్ససిన్ డిస్క్ పెట్టాం. అమెరికన్ ప్రమాణ సంస్థ సీఎల్ఎస్ఐ పట్టికలో 26 మిల్లీమీటర్లు, ఆపైన వస్తే ఎస్. 21, అంతకంటే తక్కువైతే ఆర్. మధ్యలో ఉంటే ఐ, అంటే సందిగ్ధం. సరైన మసకతో పరిస్తే ఈ క్రిమికి 26 వస్తుందనుకుందాం. గొట్టం సరిగా పోల్చకుండా చిక్కగా పరిస్తే అదే 24 అవుతుంది. రిపోర్టులో అక్షరం మారుతుంది, డాక్టరు చీటీలో మందు మారుతుంది. అది చూసినవాళ్ళెవరికీ ఆ మార్పు బ్యాక్టీరియాను కలిపిన సెలైన్ గొట్టంలో పుట్టిందని తెలిసే వీలు లేదు.

ఇక చేసే తీరు. రాత్రంతా, అంటే 18 నుంచి 24 గంటలు, మామూలు అగార్ మీద పెరిగిన ప్లేటు తీసుకోవాలి. ఒకే రూపంలో ఉన్న మూడు నుంచి ఐదు కాలనీల తలలను లూప్‌తో తాకి సెలైన్‌లో కలపాలి. ఒక్క కాలనీయే ఎందుకు కాదంటే, అదే రకంలో మందుకు లొంగనివి కొన్ని కలిసి ఉంటే అవి మన చేతికి రాకుండా పోవచ్చు. కాలనీని నేరుగా సెలైన్‌లోకి వదలకుండా గొట్టం గోడకు ఆనించి రుద్దితే గడ్డలు విడిపోతాయి. తర్వాత పాయింట్ ఫైవ్ గొట్టాన్ని బాగా కలిపి, రెంటినీ పక్కపక్కన పట్టుకుని, వెనక నల్లగీతలున్న తెల్ల కార్డు పెట్టి మంచి వెలుతురులో చూడాలి. రెండు గొట్టాల్లోంచీ గీతలు ఒకే స్పష్టతతో కనిపించాలి. మన గొట్టంలో గీతలు మరీ మసకగా కనిపిస్తే సెలైన్ కలపాలి, మరీ తేటగా కనిపిస్తే ఇంకాస్త కాలనీ కలపాలి. కార్డు మీద గీతలే ఎందుకంటే, మసకను మసకతో పోల్చడం కన్నుకు కష్టం, గీత అంచు చెదిరిందో లేదో చెప్పడం తేలిక.

సరిపోయిందనుకున్నాక 15 నిమిషాల్లోపు ప్లేటు మీద పరచాలి. ఆలస్యమైతే బతికున్నవాటి సంఖ్య మారిపోతుంది. స్వాబ్ ముంచి, ద్రవానికి పైన గొట్టం గోడకు నొక్కి తిప్పి, అదనపు తడి పిండేయాలి. ఈ పిండడాన్ని తొందరలో వదిలేసేవాళ్ళుంటారు. వదిలేస్తే అంతసేపు సరిపోల్చిన శ్రమంతా ఒక్క బొట్టులో పోతుంది. ప్లేటును 60 డిగ్రీల చొప్పున తిప్పుతూ మూడుసార్లు మొత్తం పూసి, చివర అంచు చుట్టూ ఒకసారి తిప్పాలి. మర్నాటికి పరుపులా ఒకే తీరుగా పెరిగి ఉండాలి. విడివిడి కాలనీలు కనిపిస్తే పలచన చేశామన్నమాట, ఆ ప్లేటు చదవకూడదు.

ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది. గొట్టం వెలుతురు చెదరడాన్ని చూపిస్తుంది, బతికున్నవాటిని చూపించదు. చచ్చిన కణం కూడా బతికిన కణంలాగే వెలుతురును చెదరగొడుతుంది. పాత ప్లేటు వద్దనేది అందుకే. మూడు రోజుల ప్లేటు నుంచి కలిపితే మసక సరిగ్గా పాయింట్ ఫైవే వస్తుంది, అందులో పెరగగలిగేవి మాత్రం తక్కువ ఉంటాయి. కణం పరిమాణం ఇంకో సంగతి. పెద్ద కణాలు కొన్ని చాలు అంతే మసక రావడానికి. క్యాండిడా లాంటి ఈస్టును అదే పాయింట్ ఫైవ్‌కు తెస్తే మిల్లీలీటరుకు 10 నుంచి 50 లక్షల కణాలే ఉంటాయి, 15 కోట్లు కాదు.

నమూనా గొట్టానికీ వయసు మీదపడుతుంది. రేణువులు కలిసి గడ్డలు కడతాయి, ఎంత ఊపినా తెల్లటి నలకలు తిరుగుతూనే ఉంటాయి. అలాంటిదాన్ని పారేయాలి. చీకట్లో, గది ఉష్ణోగ్రతలో దాచి, నెలకోసారి స్పెక్ట్రోఫోటోమీటర్లో చూడాలి. 625 నానోమీటర్ల దగ్గర రీడింగు 0.08 నుంచి 0.13 మధ్య ఉండాలి. తర్వాత్తర్వాత బేరియానికి బదులు లేటెక్స్ పూసల గొట్టాలు వచ్చాయి, అవి ఎక్కువకాలం నిలుస్తాయి. వాటిని మెల్లగా తలకిందులు చేసి కలపాలి గానీ బేరియం గొట్టంలా వోర్టెక్స్ మీద పెట్టకూడదు. ఇప్పుడు చాలా ల్యాబుల్లో చిన్న డెన్సిటోమీటర్ గొట్టాన్ని చూసి అంకె చెప్పేస్తుంది. కన్ను తప్పుకుంది గానీ, ఆ యంత్రం చదివేది కూడా మసకనే. గొట్టం గాజు గీసుకుపోయినా, బయట వేలిముద్ర పడినా దానికి అదీ బ్యాక్టీరియాలాగే కనిపిస్తుంది.

తప్పు పట్టుకునే దారి లేకపోలేదు. ఏటీసీసీ 25922 అనే ఇ.కోలైని రోగి నమూనాలతోపాటు పరీక్షిస్తారు. జెంటామైసిన్‌కు దాని వలయం 19 నుంచి 26 మిల్లీమీటర్లు రావాలి. ఒకరోజు 17 వచ్చిందనుకుందాం. మిగతా మందుల వలయాలు సరిగ్గా ఉంటే అనుమానం డిస్క్ మీదకో, అగార్‌లోని ఆమ్లత్వం, లవణాల మీదకో పోతుంది. అన్ని మందుల వలయాలూ కలిసికట్టుగా చిన్నవైతే ఇనాక్యులం చిక్కనైందేమో, అగార్ 4 మిల్లీమీటర్ల మందం దాటిందేమో చూడాలి. అన్నీ కలిసి పెద్దవైతే పలచనైందేమో చూడాలి.

డిస్క్ కాకుండా, మందు ఏ కనీస మోతాదులో బ్యాక్టీరియాను ఆపుతుందో చూసే ఎంఐసీ పరీక్షలో గురి ఇంకా ఇరుకు. అక్కడ ప్రతి గుంటలో మిల్లీలీటరుకు 5 లక్షలు ఉండాలి. బీటా లాక్టమేజ్ ఎంజైముతో మందును విరగ్గొట్టే బ్యాక్టీరియా అయితే సంఖ్య పెరిగినకొద్దీ ఎంజైమూ పెరిగి, ఎంఐసీ ఎక్కడికో వెళ్ళిపోతుంది. అందుకే ఇక్కడ మసకను నమ్మి ఊరుకోరు. మందు లేని గుంట నుంచి, నింపిన వెంటనే 10 మైక్రోలీటర్లు తీసి 10 మిల్లీలీటర్ల సెలైన్‌లో కలుపుతారు. అందులోంచి 100 మైక్రోలీటర్లు అగార్ మీద పరుస్తారు. 5 లక్షలు వెయ్యోవంతుకు తగ్గి 500 అయ్యాయి, అందులో పదోవంతు ప్లేటు మీదకు వచ్చింది. మర్నాడు సుమారు 50 కాలనీలు లెక్కకు రావాలి. ఐదే వస్తే, ముందురోజు గొట్టాలు ఎంత బాగా సరిపోయినా సరే, ఆ ఎంఐసీలను రిపోర్టులోకి ఎక్కించకుండా కొత్త ప్లేటు నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి.